ఎవరి చేత?

హనుమకొండ

బిడ్డలారా,

రామప్పకు పోయొచ్చి మీరిద్దరూ బడి కోసం రాసిన వ్యాసాలు చదివాను. "గుడి రేచర్ల రుద్రుని చేత కట్టించబడింది. శిల్పాలు శిల్పుల చేత చెక్కబడ్డాయి. అవి మా చేత చూడబడ్డాయి." మూడోదానికి వచ్చేసరికి నవ్వాగలేదు. మీ టీచరు ఎర్రపెన్నుతో గీతలు కొట్టి, ఇలా 'బడు' చేర్చే కర్మణి వాక్యం రాయనే రాయొద్దన్నారట. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఇంగ్లీషులో మాటల వరుసే కీలకం. గుడిని ముందు పెట్టి చెప్పాలంటే వాళ్లు 'వాజ్ బిల్ట్' అనాల్సిందే. అక్కడ అది తప్పు కాదు, అవసరం. మనకు 'ని' ఉంది. "రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు" అంటే గుడి ముందే ఉంటుంది, కట్టించినవాడెవరో కూడా తెలుస్తుంది. శిల్పుల పేర్లు చెప్పే పని లేదనుకోండి, "శిల్పాలను ఎంత నున్నగా చెక్కారో!" అంటే చాలు. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో 'చేర్చబడింది' అని రాశారు. 'చేరింది' అంటే పోయేదేముంది?

ఇన్ని దారులుండగా 'బడు' ఎందుకంటారా? ఈ వాక్యం చూడండి: "అరెస్టు చేసిన వ్యక్తి పేరు రాయాలి." ఎవరి పేరు? పట్టుకున్న ఎస్సైదా, పట్టుబడ్డవాడిదా? 'చేసిన' అనే మాట రెండు వైపులా తిరుగుతుంది. చేసినవాడికీ అదే, చేయించుకున్నవాడికీ అదే. "అరెస్టు చేయబడిన వ్యక్తి" అన్నామా, చిక్కు వీడింది. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్పేది ఆ మనిషి గురించే. పట్టుకున్నది ఏ స్టేషను వాళ్లైనా ఆ హక్కు మారదు, కాబట్టి వాళ్ల ఊసు అక్కడ అక్కర్లేదు. ఇలాంటి చోట 'బడు' కొట్టేస్తే అర్థమే చెడుతుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు 'అరెస్టైన మనిషి' అంటాం, అదీ సరే. 'కొట్టిన పిల్లవాడు', 'మోసం చేసిన రైతు' అని రాసేటప్పుడు కూడా ఒక్క క్షణం ఆగి చూసుకోండి. మోసపోయిన రైతును మీరే మోసగాణ్ని చేస్తారు!

'బడు'కు ఇంకో వాడకం ఉంది, అది నేనే చేశాను. గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక ఫైలు పోగొట్టి, "సదరు ఫైలు పోగొట్టబడినది" అని నోటు రాసి పంపాను. చేసినవాడు ఎవరో అందరికీ కావాల్సిన చోట వాణ్ని దాచడానికే ఆ 'బడినది'. సాయంత్రానికి నోటు తిరిగొచ్చింది. అంచున పెద్దసారు రెండే మాటలు రాశారు: "ఎవరి చేత?"

కింద సంతకం పెట్టి, "నా చేతే" అని రాసిచ్చాను.

మీ తాత