భూమి రేటు, లోను, పక్కోడి తొందర: జపాన్‌లో జరిగింది ఇదీ

బ్యాంకులో ప్రాపర్టీ లోన్లు చూడటం నా పని. రోజూ వినే మాటలు కొన్ని ఉంటాయి, వాటికి జవాబు చెప్పాలంటే నాకు ఎప్పుడూ 1980ల నాటి జపానే గుర్తొస్తుంది.

అపోహ: భూమి ఎక్కడికి పోతుందండీ, దాని రేటు తగ్గడమేంటి.

వాస్తవం: జపాన్‌లో కూడా అందరూ అచ్చం ఇదే అన్నారు. చిన్న దేశం, జనం ఎక్కువ, కొత్త భూమి పుట్టదు, ఇంక తగ్గేదెలా అని. 1991 దగ్గర్లో పెద్ద నగరాల్లో రేట్లు శిఖరానికెళ్లి ఆ తర్వాత ఏళ్ల తరబడి పడుతూనే ఉన్నాయి, కమర్షియల్ స్థలాలైతే పదిహేనేళ్లలోపే సగానికి సగం కంటే చాలా ఎక్కువే పోగొట్టుకున్నాయి. భూమి ఎక్కడికీ పోలేదు, నిజమే, దాని మీద రాసుకున్న అంకె పోయింది.

అపోహ: తాకట్టు ఉంది కదా, బ్యాంకుకేం భయం.

వాస్తవం: అసలు మెలిక ఇక్కడే ఉంది. తాకట్టు విలువ ఎలా కడతాం? పక్కన ఈమధ్య అమ్ముడుపోయిన స్థలం రేటు చూసి కడతాం. ఆ పక్క స్థలం ఎవరు కొన్నారు? లోను తీసుకున్నవాడే. అంటే మనమిచ్చిన లోనే రేటు పెంచింది, ఆ రేటే చూపించి మనం ఇంకో లోను ఇస్తున్నాం. వీధిలో ఒక్క స్థలం అమ్ముడుపోతే చాలు, అమ్మని మిగతా స్థలాలన్నీ కాగితం మీద ఖరీదైపోతాయి.

లెక్క వేసి చూద్దాం, ఇది ఊహించిన కేసే. ఒకాయన సొంత డబ్బు 3 కోట్లు పెట్టి, 7 కోట్లు లోను తెచ్చి 10 కోట్ల స్థలం కొన్నాడు (విలువలో 70 శాతం దాకా ఇవ్వడం అక్కడ పాత పద్ధతి, ఊపు మీదున్నప్పుడు అది కూడా దాటేశారు). రేటు డబులై 20 అయింది. ఇప్పుడు అదే స్థలం మీద ఇంకో 7 కోట్లు వస్తాయి. ఆ 7 చేతిసొమ్ముగా పెట్టి, 16 కోట్లు లోను తీసుకుని 23 కోట్లకు ఇంకో స్థలం కొన్నాడు. ఇప్పుడు ఆస్తి 43 కోట్లు, అప్పు 30, మిగులు 13. జేబులోంచి పెట్టింది మాత్రం ఆ మూడే! రేట్లు 30 శాతం తగ్గాయనుకోండి, ఆస్తి దాదాపు 30 కోట్లు, అప్పు 30 కోట్లు, ఇంక ఏమీ లేనట్టే. గమనించండి, మొదటి స్థలం ఇప్పటికీ 14 కోట్లు పలుకుతోంది, కొన్న రేటు కంటే ఎక్కువే, అయినా ఆయన పని అయిపోయింది.

అపోహ: ఇదంతా తెలివితక్కువ జనం అత్యాశ.

వాస్తవం: బ్యాంకర్లు ఏం తక్కువ తినలేదు. జపాన్‌లో పెద్ద కంపెనీలు బాండ్లు అమ్మి డబ్బు తెచ్చుకోవడం మొదలెట్టేసరికి బ్యాంకులకి పాత కస్టమర్లు తగ్గారు, దాంతో స్థలమున్న చిన్న కంపెనీల వెంటపడ్డారు. పైగా డాలర్ విలువ తగ్గించడానికి పెద్ద దేశాలు చేసుకున్న 1985 ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ బాగా బలపడి ఎగుమతులు దెబ్బతింటాయని సెంట్రల్ బ్యాంకు వడ్డీని 5 శాతం నుంచి 1987 కల్లా 2.5కి దించింది. అలాంటప్పుడు ఒక మేనేజర్ "నేనివ్వను" అంటే పక్క బ్యాంకువాడు ఇచ్చేస్తాడు, వాడి టార్గెట్ దాటుతుంది, ఈయన కుర్చీ కదులుతుంది. ఒక్కొక్కడూ తన లెక్కలో కరెక్టే, అందరూ కలిస్తేనే ముంచారు.

అపోహ: వడ్డీ పెంచి సెంట్రల్ బ్యాంకే కూల్చింది.

వాస్తవం: 1989 మే నుంచి పెంచుతూ 1990 ఆగస్టుకి 6 శాతం చేసిన మాట నిజం, 1990లోనే రియల్ ఎస్టేట్ లోన్లు మిగతా లోన్ల కంటే వేగంగా పెరగకూడదని ప్రభుత్వం కళ్లెం కూడా వేసింది. కానీ పై లెక్కలోని ఆయన్నే చూడండి, అంత అప్పుకి అద్దెతో వడ్డీ తీరదు, కట్టాలంటే రేటు పెరగాలి, కొత్త లోను రావాలి. రేటు పడక్కర్లేదు, పెరగడం ఆగితే చాలు, అప్పుడు అమ్ముకోక తప్పదు, ఆ అమ్మకం చూసి పక్కోడి స్థలం విలువ తగ్గుతుంది, చక్రం అదే, తిరిగేది మాత్రం వెనక్కి.

అపోహ: క్రాష్ అంటే ఒక్కరోజులో అయిపోతుంది.

వాస్తవం: జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 చివరి ట్రేడింగ్ రోజున 38,915 దగ్గర ఆగింది, మళ్లీ ఆ అంకె దాటింది 2024 ఫిబ్రవరిలో. బ్యాంకులైతే నష్టం ఒప్పుకోలేక, మునిగిన కంపెనీలకి పాత వడ్డీ కట్టుకోవడానికే కొత్త లోన్లిస్తూ లాక్కొచ్చాయి. అక్కడి పెద్ద బ్యాంకుల్లో ఒకటైన హొక్కైడో తకుషోకు బ్యాంకు కూలింది 1997 నవంబర్లో, అంటే భూమి రేట్లు శిఖరం దాటిన ఆరేడేళ్లకి.

అందుకే స్థలం మీద లోనుకొచ్చినవాళ్లని నేను రేటు కంటే ముందు అద్దె అడుగుతా. అద్దె వడ్డీలో సగానికి కూడా రాకపోతే మిగతా సగం ఎక్కణ్ణుంచి కడతారని అడుగుతా. "అప్పటికి రేటు పెరుగుద్ది కదండీ" అంటే ఫైలు పక్కన పెడతా.