హీట్‌మ్యాప్ చూసి మల్టీకొలినియారిటీ లేదనుకుంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మల్టీకొలినియారిటీ అంటే మోడల్‌కి ఇచ్చే కాలమ్స్ ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఉండటం. ఈ టాపిక్ ఎవరికి చెప్పాల్సొచ్చినా నేను లాంగ్లీ డేటానే తెరుస్తా. 1947 నుంచి 1962 దాకా అమెరికా లెక్కలు, ఏడాదికో వరస చొప్పున 16 వరసలే. ఎంతమంది ఉద్యోగాల్లో ఉన్నారో ఆరు కాలమ్స్‌తో అంచనా వెయ్యాలి: ధరల సూచీ, జీఎన్‌పీ, నిరుద్యోగులు, సైన్యం, జనాభా, సంవత్సరం.

అపోహ: ఆర్-స్క్వేర్డ్ బాగా వచ్చిందంటే కోఎఫిషియంట్స్ కూడా నమ్మొచ్చు.

వాస్తవం: ఇక్కడ ఆర్-స్క్వేర్డ్ 0.995, కానీ జీఎన్‌పీ కోఎఫిషియంట్ మైనస్‌లో ఉంటుంది, అంటే దేశంలో ఉత్పత్తి పెరిగితే ఉద్యోగాలు తగ్గుతాయట! విలువ -0.036, స్టాండర్డ్ ఎర్రరేమో 0.034, ఇక దాన్నేం నమ్ముతాం. చివరి రెండేళ్ల వరసలు తీసేసి మళ్లీ రన్ చేస్తే ధరల సూచీ కోఎఫిషియంట్ సుమారు 15 నుంచి -20కి పడిపోతుంది, జనాభాది కూడా గుర్తు మారిపోతుంది. ఎందుకంటే జీఎన్‌పీ, ధరలు, జనాభా అన్నీ ఏళ్లతో పాటే కలిసి పెరిగాయి, ఫలితంలో ఎవరి వాటా ఎంతో విడదీసే సమాచారం ఆ 16 వరసల్లో లేదు.

అపోహ: కోరిలేషన్ హీట్‌మ్యాప్‌లో 0.8 దాటకపోతే ఆ కాలమ్ సేఫ్.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. నిరుద్యోగుల కాలమ్ చూడండి, మిగతా ఐదింట్లో దేనితోనూ దాని కోరిలేషన్ 0.69 దాటదు, కానీ వీఐఎఫ్, అంటే వేరియన్స్ ఇన్‌ఫ్లేషన్ ఫ్యాక్టర్, మాత్రం 33.6. హీట్‌మ్యాప్ ఇద్దరిద్దరినే పోలుస్తుంది కదా, వీఐఎఫ్ అలా కాదు, ఆ కాలమ్‌నే టార్గెట్‌గా పెట్టి మిగతా ఐదింటితో కలిపి రిగ్రెషన్ చేసి దాని ఆర్-స్క్వేర్డ్ తీసుకుంటుంది:

VIF = 1/(1-R²)

ఇక్కడ ఆ R² 0.97. 33.6కి వర్గమూలం 5.8, అంటే మిగతా కాలమ్స్‌తో సంబంధమే లేకుంటే ఎంత ఉండేదో దానికి 5.8 రెట్లు స్టాండర్డ్ ఎర్రర్ ఉబ్బింది. జీఎన్‌పీ వీఐఎఫ్ అయితే 1788!

అపోహ: వీఐఎఫ్ 10 దాటినవన్నీ పీకెయ్యాలి.

వాస్తవం: అలా చేస్తే ఇక్కడ సైన్యం ఒక్కటే మిగులుద్ది (దానిది 3.6). పైగా నిరుద్యోగుల కాలమ్ అంత ఉబ్బినా టీ-విలువ -4.1, అంటే సిగ్నల్ ఇంకా గట్టిగానే ఉంది, దాన్నెందుకు తీసేస్తాం? నేనైతే జీఎన్‌పీ, ధరలు, జనాభా తీసి నిరుద్యోగులు, సైన్యం, సంవత్సరం ఉంచుతా, ఆర్-స్క్వేర్డ్ 0.993 దగ్గరే ఉంటుంది, వీఐఎఫ్‌లు మూడూ 4 లోపుకొస్తాయి. కాకపోతే అప్పుడు సంవత్సరం కోఎఫిషియంట్‌లో తీసేసిన మూడింటి ప్రభావం కూడా కలిసిపోయి ఉంటుంది, దాన్ని ఉత్త కాలం ప్రభావం అని చదవకండి. అంచనా ఒక్కటే కావాలి, రేపటి డేటాలో కూడా ఇవన్నీ ఇలాగే కలిసి కదులుతాయి అనుకుంటే అసలు ఏదీ తీయకపోయినా పర్లేదు.

అన్నట్టు పైథాన్‌లో `variance_inflation_factor` ఇంటర్‌సెప్ట్‌ని తనంతట తాను కలపదు, ముందు `add_constant` పెట్టకపోతే వచ్చే నంబర్లకి అర్థం ఉండదు, నేను ఓ రోజంతా అలాంటి నంబర్లే పట్టుకుని కూర్చున్నా.