చేతులు కడుక్కునే కాగితం బొమ్మల క్లిప్: స్క్రిప్టు గురించిన అపోహలు, వాస్తవాలు

అక్టోబర్ 15 ప్రపంచ చేతుల శుభ్రత దినోత్సవం. సెప్టెంబర్ సగానికి రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. అవతల ఎక్కువగా స్కూల్ టీచర్లు, అంగన్‌వాడీ వాళ్లు, ఏదో ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చి టెన్షన్ పడుతున్నవాళ్లు. "స్క్రిప్టు అయిపోయింది మేడమ్, బొమ్మలు కత్తిరించి కదిలిస్తే చాలు" అంటారు. పంపమంటే రెండు పేజీల మాటలు వస్తాయి. అందులో ఎక్కడో ఒక చోట "సబ్బుతో ఇరవై సెకన్లు బాగా రుద్దుకోవాలి" అనే వాక్యం ఉంటుంది. ఆ వాక్యానికి ఎదురుగా ఏ బొమ్మ, ఎంతసేపు అని అడిగితే జవాబు ఉండదు.

కట్-అవుట్ పనిలో, అంటే కాగితం ముక్కలను కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫొటో తీసి బొమ్మ కదిలినట్టు చూపించే పనిలో, నేను విన్న అపోహలన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: 20 సెకన్లని చెప్తే చాలు, చూపించక్కర్లేదు

ఒక నిమిషం క్లిప్‌లో మూడో వంతు ఒట్టి రుద్దుడే అంటే ఎవరు చూస్తారు అంటారు. రుద్దడం నాలుగు సెకన్లు చూపించి, మిగతాది గొంతుతో చెప్పించేద్దాం అంటారు. ఒకసారి ఒక ఆఫీసు వాళ్లు నేను వద్దంటున్నా వినకుండా అలాగే కోయించారు. ఆ క్లిప్‌ని ఒక స్కూల్లో మధ్యాహ్న భోజనానికి ముందు వేశారు. పిల్లలు కుళాయి దగ్గరకు వెళ్లి, బొమ్మలో చూసినట్టే అరచేతులు రెండు మూడు సార్లు రాసుకుని, వేళ్లు విదిలించి, ప్లేటు పట్టుకుని కూర్చున్నారు. "ఎంతసేపు రుద్దాలి?" అని ఒక పాపను అడిగితే "ఇరవై సెకన్లు" అని ఠక్కున చెప్పింది. మాట గుర్తుంది, కానీ చెయ్యి మాత్రం బొమ్మ చేసిందే చేసింది.

బొమ్మ ఎంతసేపు రుద్దితే పిల్లలు అంతసేపే రుద్దుతారు. కాబట్టి క్లిప్ ఎంత చిన్నదైనా, రుద్దే చోట తెర మీద నిజం 20 సెకన్లు నడవాలి.

అసలు ఈ సీన్ కొయ్యాలనడానికి చాలామంది పైకి చెప్పని కారణం ఒకటుంది: పని ఎక్కువని భయం. మనం సెకనుకు 12 ఫొటోలు తీస్తాం. 20 సెకన్లంటే 240 ఫొటోలు. అది చూసి గుండె జారుతుంది. నిజానికి క్లిప్ మొత్తంలో చౌకగా అయ్యే సీన్ ఇదే. రుద్దడమంటే ఒకే కదలిక మళ్లీ మళ్లీ రావడం కదా. పైచెయ్యి ముక్కను నాలుగు ఫొటోల్లో ముందుకు, నాలుగు ఫొటోల్లో వెనక్కు జరిపితే ఒక రుద్దుడు అయిపోతుంది, ఎనిమిది ఫొటోలు. జరిపేటప్పుడు 2, 4, 4, 2 మిల్లీమీటర్ల చొప్పున జరపండి. చివర్లలో తక్కువ జరపడం వల్ల చెయ్యి ఆగి తిరిగినట్టు ఉంటుంది. అన్నీ సమానంగా జరిపితే గడియారం లోలకంలా కొట్టుకుంటుంది.

ఈ ఎనిమిది ఫొటోలను ఎడిటింగులో ఐదుసార్లు తిప్పితే 40 ఫొటోల నిడివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చూపించే రుద్దే పద్ధతులు ఆరు: అరచేతులు, చేతి వెనక, వేళ్ల సందులు, వేళ్ల వెనకభాగం, బొటనవేళ్లు, వేలికొనలు. ఆరు నలభైలు 240, సరిగ్గా 20 సెకన్లు. అదే ఎనిమిది అచ్చంగా ఐదుసార్లు వస్తే కంటికి తెలిసిపోతుంది కాబట్టి, ప్రతి పద్ధతికీ రెండు సెట్లు తీస్తాను: మొదటిది నురగ తక్కువగా, రెండోది నురగ ఎక్కువగా. మొదటి సెట్ రెండుసార్లు, రెండోది మూడుసార్లు తిప్పుతాను. అంటే మొత్తం తీయాల్సింది 96 ఫొటోలే. అదే బాబు ఆడుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చే సీన్ రాశారనుకోండి, మూడు సెకన్లకే 36 ఫొటోలు. ప్రతి ఫొటోకీ కాళ్లు, మోకాళ్లు, చేతులు, తల అన్నీ జరపాలి, తిప్పుకోవడానికి కుదరదు. జనం ఆ పరుగు మీద రోజంతా పెట్టి, రుద్దే సీన్ దగ్గరకొచ్చేసరికి అలసిపోయి కోసేస్తారు. పరుగు తీసేయండి. బాబు వచ్చేసి గడప దగ్గర నిలబడి ఉన్నట్టు మొదలుపెట్టండి.

అయితే స్క్రిప్టులో ఏం రాయాలి?

కాగితం బొమ్మల స్క్రిప్టులో మాటలకంటే ముందు మూడు విషయాలు ఉండాలి: ఎన్ని సెకన్లు, తెర మీద ఏం కదులుతోంది, దానికి ఏ ముక్కలు కత్తిరించాలి. మూడోది లేకపోతే షూటింగ్ మధ్యలో కత్తెర పట్టుకుని పరుగెత్తాలి. ఒక నిమిషం క్లిప్‌కి నేను ఇలా రాసుకుంటాను:

0–8: గడప దగ్గర బాబు, లోపల పళ్లెంలో అన్నం. అరచేతుల క్లోజప్.
8–12: అక్క చెంబుతో నీళ్లు పోస్తుంది, చేతులు తడుస్తాయి. చెంబు పక్కన పెడుతుంది.
12–15: సబ్బు.
15–35: రుద్దడం, ఆరు పద్ధతులు. వ్యాఖ్యానం లేదు, లెక్క మాత్రమే.
35–43: అక్క మళ్లీ నీళ్లు పోస్తుంది, నురగ జారిపోతుంది.
43–48: శుభ్రమైన తువ్వాలుతో తుడవడం.
48–56: బాబు ముద్ద కలుపుతాడు.
56–60: శాఖ పేరు.

15–35 మధ్య గొంతు ఏమీ చెప్పదని గమనించండి. పిల్లల గొంతుతో ఒకటి నుంచి ఇరవై దాకా లెక్క, కింద రుద్దుతున్న చప్పుడు, అంతే. పిల్లలు లెక్కను తమతోపాటు కుళాయి దగ్గరకు తీసుకెళ్తారు. రికార్డు చేసేటప్పుడు జాగ్రత్త, పిల్లలు పదిహేను దాటాక పరుగెడతారు. నిమిషానికి 60 దెబ్బలు కొట్టే మెట్రోనోమ్ చెవిలో వినిపిస్తూ చెప్పించండి.

ముక్కల సంగతి. అరచేతులకీ, చేతి వెనక్కీ రెండు విడి చేతులు చాలు. వేళ్ల సందుల దగ్గరే అందరూ ఇరుక్కుంటారు, రెండు చేతుల వేళ్లూ కలిపి ఒకే బొమ్మగా గీసేస్తారు, ఇక అది కదలదు. ఒక చేతి ముక్కకు వేళ్ల మధ్య మొదలుదాకా చీలిక కత్తిరించి, రెండో చేతి వేళ్లను ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి తడికలా దూర్చండి. కాగితానికే ఉన్న సౌలభ్యం ఇది. 200 జీఎస్ఎమ్ కార్డుషీటు అయితే దూరుతుంది, 300 అయితే మొరాయిస్తుంది. బొటనవేలికి పిడికిలి ముక్కను వెనకనుంచి దారం ముడితో బిగించి అటూ ఇటూ తిప్పాలి. తోలుబొమ్మల భుజాలకు వేసే ముడి లాంటిదే. వేలికొనలు సులువు: గుప్పిట ముక్కను అరచేతి మీద గుండ్రంగా ఎనిమిది చోట్ల పెట్టుకుంటూ వస్తే ఎనిమిది ఫొటోలూ అయిపోతాయి.

నురగకు చేత్తో చింపిన టిష్యూ పేపర్ వాడండి, కత్తెరతో కోస్తే మేఘంలా కనిపిస్తుంది. ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి చేతులు మార్చేటప్పుడు ఆ గెంతును ఈ నురగే కప్పేస్తుంది.

అపోహ: సబ్బు తగలగానే క్రిములు చచ్చిపోయినట్టు చూపించాలి

దాదాపు ప్రతి స్క్రిప్టులోనూ కొమ్ములున్న క్రిమి, సబ్బు తగలగానే "ఢాం" ఉంటాయి. దీనికి తోడు మిరియాల పొడి ప్రయోగం ఒకటి. ప్లేటులో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లి, సబ్బు రాసిన వేలు ముంచితే పొడి అంచులకు పారిపోతుంది. "అది కూడా పెడదాం మేడమ్, పిల్లలకు భలే నచ్చుతుంది" అంటారు. నచ్చుతుంది నిజమే. కానీ అక్కడ జరిగింది నీటి తలతన్యత తగ్గడం. పైపొర లాగేయడంతో పొడి అంచులకు వెళ్లింది. క్రిములు సబ్బును చూసి పారిపోవు. అవి చేతి మీది జిడ్డులో, మురికిలో అంటుకుని ఉంటాయి. సబ్బు అణువుకు ఒక కొస జిడ్డును పట్టుకుంటే, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. రుద్దితే జిడ్డు ఊడి నురగలోకి వస్తుంది, నీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది. సబ్బు కొన్ని క్రిములను చంపుతుంది కూడా. కానీ చెయ్యి శుభ్రపడేది ముఖ్యంగా ఇలా ఊడదీసి కడిగేయడం వల్లే. "ఢాం" చూసిన పిల్లాడికి అర్థమయ్యేది ఒక్కటే: సబ్బు ముట్టుకుంటే పని అయిపోయింది. అలాంటప్పుడు 20 సెకన్లు ఎందుకు రుద్దుతాడు?

నేను క్రిములకు నల్ల చార్టును పంచింగ్ మిషన్‌తో పొడిచి, రాలిన చుక్కలు వాడతాను. అరచేతిలో కొన్ని, సందుల్లో కొన్ని, బొటనవేలి మొదట్లో, గోళ్ల దగ్గర కొన్ని పెడతాను. ప్రతి పద్ధతిలో మొదటి సెట్‌లో చుక్కలు చర్మం మీద ఉంటాయి, రెండో సెట్‌లో అవే నురగలోకి వచ్చి ఉంటాయి. బొటనవేలి చుక్కలు బొటనవేలి వంతు వచ్చేదాకా కదలవు. అరచేతులు రాసుకుని ఆపేస్తే ఏం మిగిలిపోతుందో మాట అక్కర్లేకుండా కనిపిస్తుంది. 35వ సెకనులో నీళ్లు పడ్డాక చుక్కలన్నీ నురగతోపాటు జారిపోతాయి. నీళ్లకు నీలం సెల్లోఫేన్ పట్టీ వాడండి, లైటు పక్కనుంచి వేయండి, లేకపోతే మెరిసిపోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వేడినీళ్లు చూపించాలా? అక్కర్లేదు, చన్నీళ్లయినా శుభ్రత అంతే. రుద్దుతున్నంతసేపూ కుళాయి పారుతూ ఉండాలా? వద్దు, కట్టేసినట్టు చూపించండి. తుడవడం కొసరు సీనా? కాదు, తడిచేతికి క్రిములు తేలిగ్గా అంటుకుంటాయి, నిక్కరుకు తుడుచుకునే బొమ్మ మాత్రం వెయ్యకండి. పెద్ద కెమెరా కావాలా? ఫోను చాలు, కదలకుండా పైనుంచి బిగించి, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి, ఫ్యాన్ ఆపండి. బొమ్మలు గీయడం రాదని దిగులు పడకండి, మీ చేతినే కాగితం మీద పెట్టి పెన్సిల్ తిప్పితే కావాల్సిన చెయ్యి వస్తుంది. తెల్లటి కోత అంచులకు మాత్రం స్కెచ్ పెన్ రాయండి.

చివరికి అన్నీ అయ్యాక "30 సెకన్లకు కుదించండి" అని కబురొస్తుంది. రుద్దే సీన్ జోలికి వెళ్లకండి. గడప, పళ్లెం, తువ్వాలు, ముద్ద తీసేయండి. తడపడం 2, సబ్బు 2, రుద్దడం 20, నీళ్లు 4, శాఖ పేరు 2. లెక్క సరిపోతుంది.