తిట్టే తోడు, పరిగెత్తే తోడు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పరుగు బృందాలకూ, జిమ్‌కు జంటగా వచ్చేవారికీ శిక్షణ ఇవ్వడం నా వృత్తి. తెల్లవారుజామున నా చెవిన పడే మాటలు అచ్చు వేయదగ్గవి కావు. ‘పెళ్లి ఊరేగింపులో నడుస్తున్నావా?’, ‘చెత్తబండి కూడా నిన్ను దాటిపోయింది రా’ అనేవి వాటిలో కాస్త మర్యాదైనవి. ‘గాజులు తొడుక్కో’ అనేది మరొకటి. ఆ మాట అన్నవాడి పక్కనే గాజులు పైకి తోసుకుని అతనికంటే బరువైన డెడ్‌లిఫ్ట్ చేసే గృహిణులు మా జిమ్‌లో ఉన్నారు. సరే, ఆ సంగతి వదిలేద్దాం. ఈ తిట్లు మంచివేనని నమ్మేవారు నాకు పదేపదే చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: తిడితేనే ఒంట్లోంచి ఆ చివరి రెప్ బయటికి వస్తుంది.

వాస్తవం: చివరి రెప్, అంటే ఆ సెట్‌లో ఆఖరిసారి బరువెత్తడం, వచ్చే మాట నిజమే. దాన్ని రప్పించేది మాత్రం చాలావరకు తిట్టు కాదు, పక్కన మనిషి ఉండటం. 1920లలో ఓటో కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో పడవ నడిపే క్రీడాకారులతో బరువులు ఎత్తించి చూశాడు. ముందు ఒక్కొక్కరిచేత, తర్వాత రెట్టింపు బరువును ఇద్దరిద్దరిచేత ఎత్తించాడు. జంటలో ఒకడు చేతులెత్తేస్తే రెండోవాడు కూడా ఆపాల్సిందే. అలాంటప్పుడు బలం తక్కువ ఉన్నవాడు ఒంటరిగా చేసినదానికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. ఇద్దరి మధ్య తేడా ఒక మోస్తరుగా ఉన్నప్పుడే ఈ ఫలితం బాగా కనిపించింది. ఇద్దరూ సమానమైతే పెద్దగా లేదు. తేడా మరీ ఎక్కువైనా లేదు, బలహీనుడు ముందే ఆశ వదులుకుంటాడు.

దాదాపు తొంభై ఏళ్ల తర్వాత అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే సంగతిని ప్లాంక్ వ్యాయామంతో పరీక్షించారు. తనకంటే కొంచెం మెరుగైన తోడు తెరమీద కనిపిస్తుంటే మనుషులు ఎక్కువసేపు నిలిచారు. 2013లో అచ్చయిన అధ్యయనంలో ఇంకో విశేషం తేలింది. ఆ తోడు ‘శభాష్, నువ్వు చేయగలవు’ అని ప్రోత్సహించినప్పటికంటే నోరు మెదపకుండా తన పని తాను చేసుకున్నప్పుడే లాభం ఎక్కువ. మెరుగైనవాడి మెచ్చుకోలు కూడా వెనకబడ్డవాడికి జాలిలా వినిపించవచ్చు. పొగడ్తకే ఇంత పేచీ ఉంటే తిట్టు సంగతి చెప్పాలా?

అందుకే బరువెత్తేవాడికి ఆసరాగా పక్కన నిలబడే స్పాటర్లకు నేను ఒకటే చెబుతాను. బార్ కింద పడుకున్నవాడిని సెట్‌కు ముందే ‘ఎన్ని అనుకుంటున్నావు?’ అని అడగండి. ఆ అంకె దాకా లెక్కపెట్టండి. బార్ ఆగిపోతే అందుకోండి. అంతకుమించి మాట అవసరం రాదు.

అపోహ: నవ్వుతున్నాడంటే బాధ లేనట్టే.

వాస్తవం: నా వృత్తిలో ఎక్కువ గాయాలకు దారితీసిన నమ్మకం ఇదే. నా దగ్గరికి వచ్చిన ఒక జంట సంగతి వివరంగా చెబుతాను.

ఒకే ఆఫీసు, ఒకే వయసు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాలని ఇద్దరూ ముడుపు కట్టుకున్నట్టే ఉన్నారు. ఒకతను పది కిలోమీటర్లను 55 నిమిషాల్లో పూర్తి చేస్తాడు, అంటే కిలోమీటరుకు ఐదున్నర నిమిషాలు. రెండో అతనికి 75 నిమిషాలు పడుతుంది, అంటే కిలోమీటరుకు ఏడున్నర. ఈ రెండో అతను మామూలు రోజుల్లో తీరిగ్గా పరిగెత్తాల్సిన వేగం ఎనిమిదిన్నర, తొమ్మిది నిమిషాల మధ్య ఉండాలి. ఆ వేగంలో పూర్తి వాక్యాలు తడబడకుండా మాట్లాడగలగాలి. అదే కొలత.

వీళ్లు కలిసి పరిగెత్తేది ఏడున్నర నిమిషాల వేగంతో. మొదటివాడికి అది షికారు. రెండోవాడికి అది పోటీ వేగం, అదీ వారానికి నాలుగు ఉదయాలు. అతను కొంచెం వెనకబడితే చెత్తబండి మాట, ఊరేగింపు మాట. ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో వెనకనుంచి తీసిన అతని ఫోటో, దాని కింద పదిమంది నవ్వులు. అతనూ నవ్వు బొమ్మ పెట్టేవాడు.

నేను చూసేసరికి అతని నడకలోనే తేడా ఉంది. కూర్చోబెట్టి కుడి మోకాలి కింద ముందువైపు ఉండే ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను. కొత్తగా పరుగు మొదలెట్టినవారికి అక్కడ జానెడు పొడవునా సలుపు ఉండటం మామూలే, వేగం తగ్గిస్తే పోతుంది. ఇతనికి అలా లేదు. రూపాయి బిళ్లంత చోట వేలు తగలగానే ఎగిరిపడ్డాడు. ఒంటికాలిమీద గెంతమంటే గెంతలేకపోయాడు. రాత్రుళ్లు కూడా నొప్పి ఉంటుందని అప్పుడు చెప్పాడు. ఈ మూడూ కలిస్తే ఎముకలోనే సన్నని చీలిక మొదలైందేమోనని అనుమానించాలి. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. తొలిదశలో తరచూ కనబడదు కూడా. ఎంఆర్ఐలో బయటపడింది. డాక్టరు పరుగు పూర్తిగా ఆపించారు. ఆగస్టు పోయింది.

ఇంతకీ నొప్పి ఎన్నాళ్లనుంచి? వారాలనుంచి. అతని స్కూటర్ డిక్కీలో నొప్పి తగ్గించే స్ప్రే డబ్బా ఉంది. స్నేహితుడు వచ్చేలోగా కొట్టుకుని, ప్యాంటు కిందికి లాక్కుని, అప్పుడే వచ్చినట్టు నిలబడేవాడు. ‘చెప్పచ్చు కదా’ అంటే, ‘చెబితే దానిమీద ఇంకో జోకు వేస్తాడండి’ అన్నాడు. స్నేహితుడు నిజంగానే నివ్వెరపోయాడు. ‘నవ్వేవాడు కదండీ, ఒక్కసారి కూడా ఆపమనలేదు’ అన్నాడు. అతనిది అబద్ధం కాదు. పదిమందిలో నవ్వకపోతే ఇంకా చులకనవుతానని నవ్వేవాళ్లుంటారు. ఆ నవ్వును స్నేహితుడు అనుమతిగా లెక్కేసుకున్నాడంతే.

పరిహాసం ఎప్పుడు అవమానంగా మారిందో తెలుసుకోవడానికి నేను చూసేది ఒక్కటే: ఎదుటివాడు ‘ఇవాళ నావల్ల కాదు’, ‘ఇక్కడ నొస్తోంది’ అని మీతో ఇంకా చెబుతున్నాడా? చెబుతున్నంతకాలం మీ తిట్లు ఎంత ముతకగా ఉన్నా నాకు పట్టింపు లేదు. చెప్పడం మానేశాడంటే అతని ఒంటి కబురు మీకు అందడం ఆగిపోయినట్టే. దానికి ఆనవాళ్లు ఉంటాయి. మొదలుపెట్టకముందే ‘నిన్న నిద్రలేదు, ఏమనుకోకు’ అని సంజాయిషీ ఇస్తాడు. చేతి గడియారంలో అంకెలు చూపించడు. మీరు లేని వేళ చూసుకుని ఒంటరిగా వస్తుంటాడు. తిట్టుకు తిట్టు తిరిగి ఇవ్వడం మానేస్తాడు. చివరిదాన్ని ముఖ్యంగా గమనించండి. సరసంలో మాట రెండువైపులా నడుస్తుంది.

ఆ జంట ఇప్పటికీ కలిసే పరిగెత్తుతున్నారు. పద్ధతి మార్చాం. ఇద్దరూ ఒకేచోట బయలుదేరి ఎవరి వేగంతో వాళ్లు 20 నిమిషాలు వెళ్లి, అక్కడినుంచి వెనుదిరుగుతారు. వేగం ఉన్నవాడు ఎక్కువ దూరం పోతాడు. వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరూ ఇంచుమించు ఒకే సమయానికి మొదటిచోటికి చేరతారు. వెనకబడేవాడంటూ ఎవరూ ఉండరు.

అపోహ: ఒళ్లు గురించి అంటే కసి పుట్టి తగ్గుతారు.

వాస్తవం: అమెరికాలో 50 ఏళ్లు దాటినవారిని నాలుగేళ్లపాటు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మొదట్లో ఊబకాయం లేనివారిలో, బరువు కారణంగా వివక్ష ఎదురైందని చెప్పినవారికి తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ఒకదానివల్లే మరొకటి వచ్చిందని అది రుజువు చేయదు. కసి పుట్టి తగ్గుతారన్న వాదానికి మాత్రం అందులో ఊతమేమీ దొరకదు. నేను చూసింది ఇంకా సాదాసీదా విషయం. ‘బస్తా’ అన్నవాళ్ల ఎదుట పడకుండా ఉండాలంటే తేలికైన మార్గం రాకపోవడం. ఫీజు మూడు నెలలకు కట్టి మూడో వారంలో మాయమైనవారికి ఫోను చేస్తే ‘పని ఎక్కువైందండి’ అంటారు.

అపోహ: ‘నావల్ల కాదు’ అనేది వంక. అప్పుడే ఇంకో మాట అనాలి.

వాస్తవం: ఎండకాలంలో ఈ నమ్మకం ప్రాణాలమీదికి తెస్తుంది. 2018 మే 29న అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు సాధనలో 19 ఏళ్ల జోర్డన్ మెక్‌నేర్ వరుస స్ప్రింట్లు చేస్తూ వడదెబ్బకు గురయ్యాడు. అతన్ని మంచునీళ్లలో ముంచి చల్లబరచలేదు. లక్షణాలు మొదలయ్యాక అంబులెన్సు అతన్ని తీసుకుని బయలుదేరేసరికి గంటన్నర దాటింది. జూన్ 13న చనిపోయాడు. చట్టపరమైన, నైతిక బాధ్యత తమదేనని విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. జట్టులో కించపరిచే మాటలు మామూలని ఆరోపణలు రావడంతో దానిమీద వేరే కమిషన్ వేశారు. తిట్లవల్లే అతను పోయాడని ఆ కమిషన్ అనలేదు. నోరు విప్పడానికి చాలామంది ఆటగాళ్లు భయపడ్డారనీ, అందువల్లే సమస్యలు లోలోపల ముదిరాయనీ చెప్పింది.

మీ తోడు ఎండలో పరిగెత్తుతూ అడుగులు తడబడుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతుంటే, ఉన్నట్టుండి చిరాకుపడుతుంటే వెంటనే ఆపండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగులో వచ్చే వడదెబ్బకు ఒళ్లంతా చెమట ఉండవచ్చు. నీడకు చేర్చి, 108కి ఫోను చేయించి, అది వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండండి. పెద్ద తొట్టిలో మంచునీళ్లుంటే మెడదాకా ముంచి, తల మునగకుండా పట్టుకోండి. లేదంటే గొట్టంతో నీళ్లు కొడుతూ తడి తువ్వాళ్లు మార్చి మార్చి కప్పండి.

జిమ్‌లో దీనికి సాటివచ్చేది ఇంకొకటి. మితిమీరిన లెగ్ డే తర్వాత ఒకటి రెండు రోజులకు తొడలు వాచి గట్టిపడి, మూత్రం కోలా రంగులో వస్తే కండరాలు కరిగి మూత్రపిండాలమీద భారం పడుతోందని అర్థం. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ‘కూర్చోలేకపోతున్నావా, చచ్చు కాళ్లు’ అని గ్రూపులో నవ్వుతుంటే, మూత్రం రంగు గురించి అక్కడ ఎవరు చెబుతారు?

అపోహ: తిట్లు తీసేస్తే ఇక జంటలో మజా ఏముంటుంది?

వాస్తవం: తీసేయమని నేననలేదు. ఆలస్యంగా వచ్చినవాడిని కుంభకర్ణుడనండి, రేపు ముందే వస్తాడు. ప్లేట్లు సర్దకుండా పోయేవాడిని దొరగారనండి. ఇవి మనిషి మార్చుకోగల పనులమీద మాటలు. ఒళ్లు, రంగు, వయసు, మగతనం, పాత గాయం మీద మాత్రం వద్దు. మధ్యలో ఎవరైనా ‘ఇవాళ జోకులు వద్దు’ అంటే కారణం అడగకుండా ఆపాలని ముందే ఒప్పందం చేసుకోండి. ఫోటోలు మాత్రం అడిగాకే పెట్టండి.

తిట్లు తినేవారు మీరైతే పదిమందిలో కాకుండా ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ‘నువ్వు మారాలి’ అనకండి, ఏ మాట వద్దో ఆ మాటే చెప్పండి: ‘నా పొట్ట గురించి అనకు, వేగం గురించి ఎంతైనా అను.’ స్నేహితుడైతే ఒకటి రెండు సార్లు నాలుక జారినా సర్దుకుంటాడు. ‘ఇంత సున్నితమైతే ఎలా?’ అని దాన్ని కూడా జోకు చేశాడంటే, ఆ వారంనుంచి పరుగు వేళ మార్చుకోండి. కొత్త తోడును వెతికేటప్పుడు మీకంటే కాస్త మాత్రమే ముందున్నవారిని చూసుకోండి, మాటలు తక్కువైనా పరవాలేదు.