పారాసైటాలజీ వైవా, స్పాటర్లు: విద్యార్థుల అపోహలు - టేబుల్ అవతలి వాస్తవాలు

ప్రాక్టికల్స్ దగ్గరపడగానే విద్యార్థులు ల్యాబ్‌లో స్లైడ్లను ఫోన్‌లో ఫొటోలు తీసుకుని బట్టీ పట్టడం మొదలుపెడతారు. ఎగ్జామినర్‌గా కూర్చుంటాను కాబట్టి నాకు కనిపించేది చెబుతాను. ఏమీ రాయకుండా వదిలేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు తక్కువే. స్లైడ్‌లో లేనిది కూడా రాసి పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

అపోహ: జాతి పేరు పూర్తిగా రాస్తేనే ఫుల్ మార్కులు

పాయింటర్ కింద గుండ్రటి గోధుమరంగు గుడ్డు ఉందనుకోండి. గోడ మందంగా ఉంది, దానిమీద చక్రం ఆకుల్లా గీతలున్నాయి. లోపలి పిండానికి చిన్న కొక్కేలు కనిపిస్తున్నాయి, ఓపిగ్గా చూస్తే ఆరు. సైజు ముప్పై, నలభై మైక్రాన్ల మధ్య. విద్యార్థి ధీమాగా 'టీనియా సోలియం గుడ్డు' అని రాస్తాడు. వైవాలో నేనడిగే మొదటి ప్రశ్న: 'సాజినేటా ఎందుకు కాదు?' అక్కడితో నోరు పెగలదు.

సోలియం, సాజినేటా గుడ్లను మామూలు మైక్రోస్కోప్‌తో వేరు చేయలేం. కాబట్టి సరైన జవాబు 'టీనియా గుడ్డు', అంతే. 'జాతి తేల్చాలంటే గుడ్లతో నిండిన ప్రొగ్లాటిడ్ గానీ స్కోలెక్స్ గానీ కావాలి' అని ఒక్క వాక్యం కలిపితే ఎగ్జామినర్ ఇక ఆ గుడ్డు గురించి గుచ్చి గుచ్చి అడగడు.

ఇక ప్రొగ్లాటిడే స్పాటర్‌గా వస్తే? అప్పుడు గర్భాశయం కొమ్మలు లెక్కపెట్టాలి. ఎక్కడ లెక్కపెట్టాలన్న దగ్గరే చాలామంది తప్పుతారు. కొమ్మలు చివర్లలో మళ్లీ చీలిపోతాయి, అందుకని అంచున లెక్కపెడితే సంఖ్య పెరిగిపోతుంది. మధ్యలో నిలువుగా ఉన్న కాండం నుంచి ఒక పక్కకు బయల్దేరే ప్రధాన కొమ్మలనే లెక్కించాలి. 15 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే సాజినేటా, పదిలోపు ఉంటే సోలియం. ఈ రెండింటి మధ్య వస్తే 'స్కోలెక్స్ చూడాలి' అని చెప్పండి, తప్పేం లేదు. రెండింటి స్కోలెక్స్‌కూ నాలుగు సక్కర్లుంటాయి. కొక్కేల వలయం మాత్రం సోలియంకే ఉంటుంది.

తర్వాతి ప్రశ్న దాదాపు ఖాయం: 'జాతి తేల్చడం ఎందుకంత ముఖ్యం?' సోలియం గుడ్డు మనిషి కడుపులోకి వెళితే సిస్టిసర్కోసిస్ రావచ్చు, సాజినేటా గుడ్డుతో ఆ ప్రమాదం లేదు. సిస్టిసర్కోసిస్ అనగానే 'సరిగా ఉడకని పంది మాంసం తినడం వల్ల' అనేస్తారు. ఆ మాంసంతో పేగులో పెద్ద పురుగు పెరుగుతుంది. సిస్టిసర్కోసిస్ వచ్చేది గుడ్లు మింగడం వల్ల. ఈ రెండు దారుల్నీ విడివిడిగా చెప్పగలిగితే వైవాలో సగం పనైపోయినట్టే.

అపోహ: నాలుగు కేంద్రకాల సిస్ట్ కనిపిస్తే అమీబిక్ డిసెంట్రీ

ఇది అన్నిటికంటే మొండి అపోహ. ఎంటమీబా హిస్టోలిటికా సిస్ట్, రోగం కలిగించని ఎంటమీబా డిస్పార్ సిస్ట్ చూడటానికి ఒకేలా ఉంటాయి. అందుకే 'హిస్టోలిటికా లేదా డిస్పార్ సిస్ట్' అని రాయడమే నిజాయితీ. ఎర్ర రక్తకణాలను మింగిన ట్రోఫోజాయిట్ కనిపించినప్పుడే హిస్టోలిటికా వైపు గట్టిగా మొగ్గాలి.

ఎంటమీబా కోలై సిస్ట్‌తో తేడా చెప్పమన్నప్పుడు కేంద్రకాల సంఖ్యతోనే సరిపెట్టకండి. సిస్ట్ గుండ్రటిది, కేంద్రకాలన్నీ ఒకే లోతులో ఉండవు. స్టేజీని కదపనివ్వరు గానీ ఫైన్ అడ్జస్ట్‌మెంట్ తిప్పుకోనిస్తారు. దాన్ని అటూ ఇటూ నెమ్మదిగా తిప్పితే ఒకటి మాయమై ఇంకొకటి పైకి తేలుతుంది. అలా చూస్తే నాలుగని తొందరపడి రాయబోయినవి ఎనిమిది తేలవచ్చు, అప్పుడది కోలై. కేంద్రకంలో కార్యోజోమ్ నట్టనడుమ ఉందా, పక్కకు జరిగిందా అన్నది రెండో ఆధారం. మొదటిది హిస్టోలిటికా రకం, రెండోది కోలై.

మౌంట్ ఏదన్నది కూడా చూడాలి. అయోడిన్ మౌంట్‌లో కేంద్రకాలు బాగా తేలతాయి, గ్లైకోజెన్ గోధుమరంగులో కనిపిస్తుంది. క్రోమాటాయిడ్ కడ్డీలు మాత్రం సెలైన్‌లోనే స్పష్టంగా ఉంటాయి. 'అయోడిన్‌లో ట్రోఫోజాయిట్ కదలిక ఎలా ఉంది?' అని నవ్వుతూ అడిగితే అది వల. అయోడిన్ దాన్ని చంపేస్తుంది, కదలిక చూడాలంటే తాజా మలం, సెలైన్ మౌంట్ కావాలి.

ఇదే మెలిక గుడ్ల రంగులోనూ ఉంది. ఆస్కారిస్, ట్రైక్యూరిస్, టీనియా గుడ్లు పైత్యరసం రంగు పట్టి గోధుమరంగులో ఉంటాయి. హుక్‌వార్మ్, ఎంటెరోబియస్, హైమెనోలెపిస్ నానా గుడ్లకు రంగుండదు. ఈ విభజన సెలైన్ మౌంట్‌కే వర్తిస్తుంది. అయోడిన్ వేశాక అన్నీ గోధుమరంగుకు తిరుగుతాయి, అప్పుడు రంగును నమ్మకూడదు.

అపోహ: రింగ్ కనిపిస్తే ఫాల్సిపారం

రింగ్ దశ అన్ని మలేరియా జాతుల్లోనూ ఉంటుంది. రింగ్‌ను వదిలి దాని చుట్టూ ఉన్న ఎర్ర కణాన్ని చూడండి. కణం ఉబ్బి, లోపల షఫ్‌నర్ చుక్కలుంటే వైవాక్స్ వైపు ఆలోచించాలి. కణం మామూలు సైజులోనే ఉండి, ఒకే కణంలో రెండు మూడు సన్నటి రింగులుంటే ఫాల్సిపారం. అరటిపండు ఆకారంలో గామెటోసైట్ కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు. మందపాటి స్మియర్ పెట్టి జాతి అడిగితే జాగ్రత్త: అందులో ఎర్ర కణాలు పగిలిపోయి ఉంటాయి, సైజు పోల్చడం కుదరదు. 'పరాన్నజీవి ఉందో లేదో వెతకడానికి ఇది మంచిది, జాతికి పలుచటి స్మియర్ చూడాలి' అనండి.

అపోహ: జాడీల గురించి చదివేదేముంది, చూస్తే తెలిసిపోతాయి

ఏళ్ల తరబడి ఫార్మలిన్‌లో నానిన నమూనాలన్నీ ఒకే పాలిపోయిన రంగులో ఉంటాయి. ఆస్కారిస్ అని అందరూ గుర్తుపడతారు, ప్రశ్న మాత్రం 'మగదా, ఆడదా?' అని వస్తుంది. తోక కొస లోపలికి వంపు తిరిగి ఉంటే మగది. పొడవు చూసి చెబితే తప్పే అవకాశముంది, ఎందుకంటే పెద్ద మగదీ చిన్న ఆడదీ ఒకే పొడవుండొచ్చు.

హైడాటిడ్ సిస్ట్ జాడీ దగ్గర నాకిష్టమైన ప్రశ్న ఒకటుంది: 'రోగి మలంలో గుడ్లు వెతుకుతావా?' వెతకకూడదు. పెద్ద పురుగు ఉండేది కుక్క పేగులో. మనిషిలో పెరిగేది లార్వా దశే కాబట్టి గుడ్లు రావు. స్కాన్, సీరాలజీ వైపు వెళ్లాలి.

మరి రివిజన్ ఎలా?

పుస్తకంలో అధ్యాయాల వరుస పరీక్షలో ఉండదు, కాబట్టి నమూనాల వారీగా చదవండి. నాలుగు రోజులు చేతిలో ఉంటే మొదటి రోజు గుడ్లన్నిటినీ ఒకే కాగితం మీద ఒకే స్కేలులో గీయండి. టీనియా గుడ్డు పక్కన ఆస్కారిస్ గుడ్డు ఎంత పెద్దదో అప్పుడే కంటికి ఆనుతుంది. ప్రతి బొమ్మ కింద సెలైన్‌లో రంగు, లోపల ఏముంది అని రెండు ముక్కలు చాలు. రెండో రోజు సిస్టులు, ట్రోఫోజాయిట్లు. మూడో రోజు రక్తపు స్మియర్లు, వాటితోపాటే మైక్రోఫైలేరియా. తొడుగుందా, తోక కొసలో కేంద్రకాలున్నాయా అన్న రెండు ప్రశ్నలతో దాని పనైపోతుంది. నాలుగో రోజు జాడీలు. ప్రతి జాడీకీ మనిషికి సోకే రూపం ఏది, ల్యాబ్‌లో మనకు దొరికే రూపం ఏది, ఏ నమూనా పంపాలి అన్న మూడూ పైకి చెప్పుకోండి. మనసులో అనుకుంటే వచ్చినట్టే ఉంటుంది, నోటితో చెబితే ఎక్కడ తడబడుతున్నారో తెలిసిపోతుంది.

పరీక్షలో పాయింటర్ దగ్గర ఏమీ కనిపించకపోతే ఊహించి రాయకండి. మీ ముందున్నవాళ్లు స్టేజీ కదిపి ఉండొచ్చు. బెల్ మోగేలోపు ఇన్విజిలేటర్‌ని పిలిచి మళ్లీ ఫోకస్ చేయించుకోండి.