పైరజినమైడ్ ఉందా, లేదా?

ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ మాత్రలు తీసుకున్నవారు స్ట్రిప్ వెనుక ఉన్న చిన్న అక్షరాలను సాధారణంగా చదవరు. ఒకసారి తిప్పి చూడండి. మొదటి రెండు నెలల స్ట్రిప్‌పై నాలుగు పేర్లుంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాతి నాలుగు నెలల స్ట్రిప్‌పై మూడే ఉంటాయి. తప్పుకునేది పైరజినమైడ్. ఏ దశ స్ట్రిప్ చేతికొచ్చిందో తెలుసుకోవడానికి ఆ ఒక్క పేరు వెతికితే చాలు. ఆరోగ్య సిబ్బంది వీటిని హెచ్, ఆర్, జడ్, ఇ అని పొడి అక్షరాల్లో రాస్తారు. ఐసోనియాజిడ్‌కు హెచ్ ఎలా వచ్చిందని తికమకపడేవారికి ఒక మాట: అది దాని రసాయన నామంలోని హైడ్రజైడ్ నుంచి వచ్చిన అక్షరం.

ఇన్ని మందులెందుకన్నది ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఊపిరితిత్తిలో పుండు పడి ఏర్పడిన గుంతలో పది కోట్ల క్రిములు ఉన్నాయనుకుందాం. సుమారు పది లక్షల్లో ఒకటి పుట్టుకతోనే ఐసోనియాజిడ్‌కు లొంగదు. అంటే మందు మొదలుకాక ముందే అలాంటివి వంద దాకా ఉంటాయి. రిఫాంపిసిన్‌కు లొంగనిది పది కోట్లలో ఒకటి. రెండింటికీ లొంగని క్రిమి కావాలంటే నూరు లక్షల కోట్ల క్రిములు ఉండాలి, అన్ని ఏ గుంతలోనూ ఉండవు. ఒక్క మందే ఇస్తే ఆ వంద మిగిలి, పెరిగి గుంతను నింపేస్తాయి. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్‌ను ఒంటరిగా వాడినప్పుడు జరిగింది ఇదే: రోగులు కోలుకున్నట్టే కోలుకుని, మందుకు లొంగని క్రిములతో మళ్లీ జబ్బుపడ్డారు.

నాలుగింటినీ ఒకే మాత్రలో కలిపింది అందుకే. విడివిడిగా ఇస్తే వికారం తెప్పించే మాత్రను పక్కన పెట్టి, మిగతావి మింగడం మనుషులకు సహజం. కలిపిన మాత్రలో ఆ ఎంపిక ఉండదు. అయితే రోజులు ఎగ్గొట్టడాన్ని మాత్రం ఏ మాత్రా ఆపలేదు.

మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో జ్వరం తగ్గుతుంది, దగ్గు సద్దుమణుగుతుంది, ఆకలి పుడుతుంది. వేగంగా పెరిగే క్రిములను ఐసోనియాజిడ్ తొలిరోజుల్లోనే చాలావరకు చంపేస్తుంది కాబట్టి ఆ హాయి. మిగిలినవి నిద్రాణంగా ఉంటాయి. వాపు వచ్చిన కణజాలంలోని ఆమ్లంలో దాగినవాటిని పైరజినమైడ్ పట్టుకుంటుంది. రెండు నెలలకు వాపు తగ్గాక దాని పని దాదాపు అయిపోతుంది, అందుకే పేరు పోతుంది. ఎప్పుడో కాసేపు మేల్కొని మళ్లీ మునగదీసుకునేవాటి కోసం రిఫాంపిసిన్ ప్రతిరోజూ కాచుకుని ఉండాలి. ఐసోనియాజిడ్ అప్పటికే పనిచేయని క్రిములు ఉంటే ఇథాంబుటాల్ కాపలా కాస్తుంది. ఒంట్లో బాగుందని ఆపినవారిలో మేల్కొనేవి ఈ మిగిలిపోయినవే. ఆపడం, మొదలుపెట్టడం పదే పదే జరిగితే ప్రతి విరామంలో క్రిములు పెరుగుతాయి, లొంగనివి ముందుకొస్తాయి. మన దేశంలో ఒకప్పుడు ఈ మందులు వారానికి మూడు రోజులే ఇచ్చేవారు, 2017లో దేశమంతటా రోజువారీ పద్ధతికి మారారు.

ఇప్పుడు యాభై రెండు కిలోల మనిషిని తీసుకుందాం. యాభై నుంచి అరవై నాలుగు కిలోల వారికి రోజుకు నాలుగు మాత్రలు. ఒక్కో మాత్రలో రిఫాంపిసిన్ 150, ఐసోనియాజిడ్ 75, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు. ముప్పై ఐదు నుంచి నలభై తొమ్మిది కిలోల వారికి మూడే. కాబట్టి పక్కింటివారి లెక్క మనకు సరిపోదు. స్ట్రిప్‌లో 28 మాత్రలుంటాయి, ఈయనకు వారానికి ఒకటి. మొదటి దశ 56 రోజులకు ఎనిమిది, రెండో దశ 112 రోజులకు పదహారు.

మూత్రం నారింజ రంగులోకి మారితే భయం లేదు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, ఆగకుండా వాంతులైనా, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియకపోయినా విషయం వేరు. మొదటి రెండూ కాలేయానికి సంబంధించినవి, మూడోది ఇథాంబుటాల్ వల్ల కలిగే చూపు ఇబ్బంది. మాత్ర ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. ఏ మందు మళ్లీ మొదలుపెట్టాలో తేల్చేది ఆయనే.

మన మనిషి సోమవారం మొదలుపెట్టాడు, ఆదివారంతో స్ట్రిప్ ఖాళీ కావాలి. మరుసటి సోమవారం పొద్దున చూస్తే నాలుగు మాత్రలు మిగిలి ఉన్నాయి, అంటే ఒక రోజు తప్పింది. ఆ రోజు ఎనిమిది మింగకూడదు. మామూలుగా నాలుగే వేసుకోవాలి, చికిత్స ఒక రోజు ఆలస్యంగా ముగుస్తుంది. లెక్క రోజులది కాదు, మింగిన మోతాదులది. నెల రోజులకు పైగా ఆగిపోతే మాత్రం పాత స్ట్రిప్ తనంతట తానే మళ్లీ మొదలుపెట్టకుండా తెమడ పరీక్షకు వెళ్లాలి.