అద్దె ఒప్పందంలో డిపాజిట్, నోటీసు: అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో అద్దె కాగితాలు చూసే లాయర్‌ని. సంతకానికి ముందురోజు చాలామంది ఒక్క పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి "ఇది ఓకేనా సార్" అంటారు. ఈమధ్య వచ్చిన ఫొటోలో ఉన్నది తెలుగులో చెబితే ఇది: "ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె, 9వ షరతు కింద వచ్చే బకాయిలు మినహాయించి డిపాజిట్ వాపసు చేయబడును."

అపోహ: ఆ పేరా చదివితే చాలు.
వాస్తవం: ఇందులో అసలు విషయం 9వ షరతులో ఉంది, అది ఫొటోలో లేదు. తెప్పిస్తే, నోటీసు ఇచ్చిన మరుసటి నెల 1వ తేదీ నుంచే లెక్క అనీ, ఆ గడువుకి ముందే ఖాళీ చేసినా అద్దె కట్టాల్సిందే అనీ ఉంది. అందుకే అన్ని పేజీలూ, చివర ఫ్యాన్లు గీజర్ల జాబితాతో సహా, అడగండి.

అపోహ: రెండు నెలలంటే రెండు నెలలే కదా.
వాస్తవం: అద్దె 18,000, డిపాజిట్ 54,000 అనుకుందాం. జూన్ 15న చెబితే మామూలు లెక్కలో ఆగస్టు 15కి అయిపోవాలి, కానీ ఈ షరతుతో ఆగస్టు 31 దాకా సాగుతుంది. ఆ 16 రోజులకి దాదాపు 9,300 పోతుంది, పెయింటింగ్‌కి 18,000 పోతుంది, చేతికొచ్చేది 26,700. ఇల్లు ఎంత శుభ్రంగా అప్పగించినా ఇంతే, ఎందుకంటే మినహాయింపు గోడల పరిస్థితిని బట్టి కాదు, ముందే రాసేశారు. ఒక నెల అద్దె బదులు "అసలు ఖర్చు, బిల్లు చూపి" అని మార్చమనండి.

అపోహ: నోటీసు గురించి చట్టమే చూసుకుంటుంది.
వాస్తవం: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెప్పే 15 రోజుల నోటీసు, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడే నెలవారీ అద్దెకి పనికొస్తుంది. మీరు సంతకం పెట్టిన రెండు నెలలే నిలుస్తాయి. ఓనర్ మిమ్మల్ని ఖాళీ చేయించాలన్నా అంతే గడువు ఉందో లేదో చూడండి, చాలాసార్లు అటువైపు ఒక నెలే ఉంటుంది.

అపోహ: చివరి నెలల అద్దె డిపాజిట్‌లో సరిపెట్టేయొచ్చు.
వాస్తవం: ఒప్పందంలో రాసి ఉంటేనే.

ఈ కాగితంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం లేని మాట: డబ్బు ఎప్పుడిస్తారో ఎక్కడా రాయలేదు. "కొత్తవాళ్లు రాగానే ఇచ్చేస్తాం" అని నోటితో చెబుతారు, కొత్తవాళ్లు నాలుగు నెలలు రాకపోతే మీరు వేరే ఇంటికి అప్పు తెచ్చి అడ్వాన్స్ కట్టుకోవాలి. "తాళాలు ఇచ్చిన 7 రోజుల్లో, బ్యాంక్ ఖాతాకి" అని రాయించండి. మళ్లీ టైప్ చేయించే టైమ్ లేకపోతే పెన్నుతోనే రాసి, రెండు కాపీల్లోనూ ఆ మార్పు పక్కన ఇద్దరూ సంతకం పెట్టండి. నోటీసు వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో ఇచ్చినా చెల్లుతుందని కూడా అప్పుడే, ఏ నంబర్‌కో ఏ ఐడీకో పేర్కొంటూ, రాయించండి.